ఇరుకు వసారాలో అడ్డంకుల బాట

మూడు నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలు దూరడానికి, దాటడానికి, గెంతడానికి, తూలకుండా నడవడానికి వరసగా పెట్టిన మజిలీల దారిని అడ్డంకుల బాట అంటారు. ఆ దారి చివర మళ్ళీ మొదటికి వచ్చి కలిసి, పిల్లలు ఆగకుండా చుట్లు తిరగగలిగితే అది సర్క్యూట్ అవుతుంది. కాళ్ళు, చేతులు, నడుము, వెన్నులోని పెద్ద కండరాలను పట్టు తప్పకుండా వాడుకునే స్థూల చలన నైపుణ్యాలు పిల్లలకు అలవడటం దీని ఉద్దేశం. మైదానంలో ఈ బాటను ఎవరైనా పరచగలరు. నాలుగైదు అడుగుల వెడల్పు వసారాలోనో, ఇంటికీ ప్రహరీకీ మధ్య సందులోనో పరచాలంటే మాత్రం ఏ అడ్డంకి పెట్టాలన్నది రెండో ప్రశ్న అవుతుంది. ముందు తేల్చుకోవలసింది పిల్లలు ఎటు నుంచి వచ్చి ఎటు పోతారు, వంతు కోసం ఎంతసేపు నిలబడతారు అన్నది.

ఈ పద్ధతికి రెండు మూలాలున్నాయి. ఫ్రెంచి నౌకాదళ అధికారి జార్జ్ ఎబేర్ 20వ శతాబ్దం తొలి దశకాల్లో నడక, పరుగు, గెంతు, పాకుడు, తూకం వంటి సహజ కదలికలతోనే వ్యాయామం ఉండాలని వాదించి అడ్డంకుల దారులు వేయించాడు. సైన్యాల శిక్షణ బాటలు ఆ ఒరవడిలోనివే. రెండోది 1953లో ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో మోర్గన్, ఆడమ్సన్ రూపొందించిన సర్క్యూట్ శిక్షణ. చిన్న జాగాలో ఎక్కువమంది ఒకేసారి కదలాలంటే అందరూ ఒకే పని చేయకూడదని, తలొక మజిలీలో ఉండి ముందుకు జరుగుతూ పోవాలని వాళ్ళు చూపారు. పిల్లల బాటకు అడ్డంకులు మొదటిదాని నుంచి వచ్చాయి, కదిలే తీరు రెండోదాని నుంచి వచ్చింది. ఇరుకు చోటుకు ఎక్కువగా పనికొచ్చేది రెండోదే.

కొల్లేటి చుట్టూ చోటు సంగతి

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల్లో ఆరుబయట జాగాకు కరువు ఒక్కోచోట ఒక్కో కారణంగా వచ్చింది. కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు తెచ్చే నీరు ఇందులో చేరి ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోతుంది. 1999లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది, 2006లో అభయారణ్యం పరిధిలోని చేపల చెరువులను పెద్దయెత్తున కొట్టేశారు. ఆ పరిధి దాటితే ఇప్పటికీ ఊరి చుట్టూ చెరువులే. లంక గ్రామాల్లో మెరక మీద ఇళ్ళు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి, ఊరి అంచు దాటితే నీరు. అక్కడ పిల్లల్ని బయట వదలడమంటే చెరువు గట్టు దగ్గర వదలడమే. వానాకాలంలో ముంగిళ్ళు బురదవుతాయి. దాంతో అంగన్‌వాడీకి మిగిలేది గది, దాని ముందు వసారా.

పట్నాల్లో ఇబ్బంది వేరు. ఏలూరు పాత పేటల్లో గోడా గోడా కలిసిన పొడవాటి ఇళ్ళున్నాయి. తాడేపల్లిగూడెంలో అద్దె ఇళ్ళలోనూ అపార్టుమెంటుల్లోనూ నడిచే ప్లేస్కూళ్ళకు దొరికేది గదుల మధ్య నడవా, లేదంటే ఇంటి పక్క సందు. ఆ సందులో సెప్టిక్ ట్యాంకు మూత, మోటారు స్విచ్చు, కుళాయి గొట్టం ఎలాగూ ఉంటాయి. బాట వేసేముందు ఈ మూడూ ఎక్కడున్నాయో చూసుకుంటే సగం ప్రమాదాలు తప్పుతాయి.

1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం నుంచి 2024లో కేంద్రం విడుదల చేసిన ‘ఆధారశిల’ పాఠ్య ప్రణాళిక దాకా అంగన్‌వాడీ పూర్వ ప్రాథమిక విద్యలో ఆటకు చోటుంది. ఆ చోటు కాగితం మీద ఉంటుంది. వసారాలో ఉండేవి బాలామృతం పెట్టెలు, గుడ్ల అట్టలు, బియ్యం బస్తాలు, గుమ్మం దగ్గర గుట్టగా విడిచిన చెప్పులు. అందుకే ఇక్కడి బాట ఐదు నిమిషాల్లో పరిచి ఐదు నిమిషాల్లో తీసేయగలిగేదై ఉండాలి. పైగా ఆ వసారా బయటికి వెళ్ళే దారి కూడా. అడ్డంగా ఏదీ కట్టకూడదు. నిప్పు అంటుకున్నా పాము కనబడినా ఆయమ్మ ఒక్కతే కాలితో అన్నిటినీ పక్కకు నెట్టేసేలా ఉండాలి.

ఇరుకు చేసే మేలు, ఇరుకు చేసే కీడు

ఇరుకు వల్ల మేలు లేకపోలేదు. గోడలు రెండు వైపులా ఉన్నందున పిల్లవాడికి దారి చెప్పనక్కర్లేదు. తూలితే చెయ్యి ఆనించుకోవచ్చు. మైదానంలో పది మందిని కాపు కాయడానికి ఇద్దరు కావాలి, వసారాలో ఒక కొసన కూర్చున్న టీచరుకు అందరూ కనబడతారు.

కీడు ఆగే చోటుతో వస్తుంది. పరుగెత్తుతున్న నాలుగేళ్ళ పిల్లవాడు చిటికెలో ఆగలేడు. ఈ ఈడు పిల్లల చలన నైపుణ్యాలు కొలవడానికి డేల్ ఉల్రిక్ రూపొందించిన పరీక్ష రెండో కూర్పులో పరుగు అంశానికి 60 అడుగుల ఖాళీ స్థలం అడుగుతారు. అందులో 50 అడుగులు పరుగుకు, మిగిలింది ఆగడానికి. అదే పరీక్షలో కుంటుకుంటూ గెంతడానికి 15 అడుగులు చాలు. అంటే వసారా పొడవు కుంటాటకు సరిపోతుంది, పరుగుకు సరిపోదు. బాటలో పరుగు పెట్టి, చివర గోడకు దిండు ఆనించి సరిపెట్టుకుందామనుకోవడం మంచిది కాదు.

రెండో కీడు నేలది. టైల్స్, నాపరాయి, సిమెంటు నేలలు దెబ్బను పీల్చుకోవు. వాటి మీద పరిచిన చాప, గోనె మెత్తగా కనబడతాయే గాని పడ్డవాడిని కాపాడవు. అందుకని ఇక్కడ ఎక్కేవి, ఎత్తు నుంచి దూకేవి పెట్టరు. ప్లాస్టిక్ కుర్చీ మీదికి ఎక్కించడం అసలే పనికిరాదు, అంచున కాలు పడితే అది తిరగబడుతుంది. ముంపు భయంతో పునాది ఎత్తుగా లేపి కట్టిన ఇంట్లో వసారా అంచు రెండు మూడు అడుగుల లోతుకు దిగుతుంది. గ్రిల్ లేకపోతే ఆ అంచు వైపు బాట వేయనే కూడదు.

నేల జారుతుందా లేదా అన్నది పరిచే వస్తువును బట్టి కూడా ఉంటుంది. కొల్లేటి ఊళ్ళలో చేపల మేత సంచులు కావలసినన్ని దొరుకుతాయి, కాబట్టి చేతికి ముందుగా వచ్చేవి అవే. ఆ ప్లాస్టిక్ సంచి టైల్స్ మీద నున్నగా జారిపోతుంది, గెంతి దాని మీద దిగిన పిల్లవాడు వెల్లకిలా పడతాడు. వాటిలో ఇసుక నింపి బరువులుగా వాడుకోవచ్చు, కాళ్ళ కింద మాత్రం పరచకూడదు. ఏది పరిచినా ముందు పెద్దవాళ్ళు దాని మీద ఒక కాలు పెట్టి గట్టిగా ముందుకు తోసి చూడాలి, కదిలితే తీసేయాలి. సుద్దముక్కతో నేల మీదే గుండ్రాలు గీసుకుంటే ఆ బాధే ఉండదు. పిల్లలు ఒట్టి కాళ్ళతో ఉండాలి. ప్లేస్కూలు పిల్లలైతే మేజోళ్ళు విప్పించాలి. వాన జల్లు పడి వసారా తడిస్తే ఆ రోజుకు గెంతులు మానేసి పాకుడుతో సరిపెట్టాలి.

ఒక వసారా లెక్క

ఉదాహరణకు 24 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, గ్రిల్ ఉన్న వసారాను తీసుకుందాం. వెనక గది, ఆ గదికి వసారాలోకి రెండు గుమ్మాలు, 16 మంది పిల్లలు, ఒక టీచరు, ఒక ఆయమ్మ.

మొదటి నాలుగు అడుగులు బయలుదేరే చోటు. తరవాత ఐదడుగుల సొరంగం. ఎదురెదురుగా పెట్టిన చిన్న బల్లల మీద పాత చీర పరిస్తే చాలు, లోపల ఎత్తు 20 అంగుళాలు ఉంటే ఐదేళ్ళవాళ్ళు కూడా మోకాళ్ళ మీద పాకిపోగలరు. అడుగున్నర ఖాళీ వదిలాక నాలుగున్నర అడుగుల్లో దాటవలసిన కర్రలు మూడు. మళ్ళీ అడుగున్నర ఖాళీ, దాని తరవాత జంట కాళ్ళతో గెంతడానికి సుద్ద గుండ్రాలు, వాటికి నాలుగున్నర అడుగులు. చివరి మూడడుగుల్లో ఏమీ ఉండదు, అది ఆగే చోటు. అక్కడి నుంచి పిల్లలు రెండో గుమ్మం గుండా గదిలోకి వెళ్ళి, నేల మీద వంకరటింకరగా పరిచిన కొబ్బరి తాడు మీద నడిచి, చిన్న ఇసుక సంచి ఎత్తుకుని మొదటి గుమ్మం దాకా తెచ్చి పెడతారు. చుట్టు పూర్తయింది.

వసారాలోనే సగం వెడల్పు వెళ్ళడానికి, సగం రావడానికి అని గీత గీసే అలవాటు చాలాచోట్ల ఉంది. ఆరడుగుల లోపు వెడల్పులో అది కుదరదు. తూకం కోసం చేతులు చాచిన పిల్లవాడు ఎదురొచ్చేవాడి ముఖానికి తగులుతాడు. గదికి ఒకే గుమ్మం ఉంటే ఐదుగురి జట్టును ఆ కొసకు పంపి, చాప మీద కూర్చోబెట్టి, జట్టంతా దాటాక వెనక్కి వేరే నడకతో రప్పించడం మేలు. పోయేటప్పుడు ఎలుగుబంటిలా, వచ్చేటప్పుడు పీతలా. వెల్లకిలా చేతులూ పాదాలూ నేలకు ఆనించి నడుమెత్తి నడిచే పీత నడక మూడేళ్ళవాళ్ళకు రాదు, ఐదేళ్ళకు వస్తుంది. కొల్లేటి పిల్లలు పీతను రోజూ చూసేవాళ్ళు గనక ఎలా నడవాలో చూపించమని అడగరు, పక్కకు కూడా నడిచేస్తారు.

ఇప్పుడు సమయం లెక్క. వసారాలోని మూడు మజిలీలు దాటడానికి ఒక పిల్లవాడికి సుమారు 25 సెకన్లు పడుతుంది. ‘ఒకరు అయ్యాక ఒకరు’ అంటే 16 మంది అయ్యేసరికి దాదాపు ఏడు నిమిషాలు. పన్నెండు నిమిషాల ఆటలో ఒక్కొక్కరికి రెండు వంతులు కూడా రావు. కదిలింది ముప్పావు నిమిషం, మిగతాదంతా నిలబడటం. నిలబడ్డ మూడేళ్ళవాడు ఊరుకోడు, ముందువాడిని నెడతాడు, గ్రిల్ ఎక్కుతాడు. అల్లరి అని మనం కసురుకునేది చాలాసార్లు ఈ నిలబెట్టడం వల్ల పుట్టిందే.

ముందువాడు సొరంగం దాటగానే, అంటే సుమారు పది సెకన్లకొకరిని, వదిలితే లెక్క మారిపోతుంది. గదితో కలిపి ఒక చుట్టుకు ఒక నిమిషం పడుతుందనుకుంటే ఒకేసారి ఆరుగురు కదులుతుంటారు. 16 మందిని రెండు ఎనిమిదులుగా విడదీసి, ఒక ఎనిమిదిని ఆయమ్మ దగ్గర పాటలతో కూర్చోబెడితే, బాట మీద ఉన్న ఎనిమిది మందిలో ఆగి ఉండేది ఇద్దరే. ఒక్కొక్కరికి 80 సెకన్లకోసారి వంతు వస్తుంది. జట్టు బాట మీద ఉండే పన్నెండు నిమిషాల్లో తొమ్మిది చుట్లు, తొమ్మిది నిమిషాల కదలిక, ఆ తరవాత జట్లు మారతాయి. పిల్లలు గడియారాలు కారు గనక ఇందులో మూడోవంతు పోయినా, వసారాను పొడిగించకుండానే ఆట ఏడెనిమిది రెట్లయినట్టు. మూడు నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు మొత్తం 180 నిమిషాల కదలిక, అందులో 60 నిమిషాలు కాస్త ఊపిరి ఎగబోసేది ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పక్కన అది పెట్టి చూస్తే ముప్పావు నిమిషం ఎంత తక్కువో తెలుస్తుంది.

ఈ లెక్కంతా అన్నిటికన్నా నిదానమైన మజిలీ మీద ఆధారపడి ఉంటుంది. సొరంగంలో ఒకడు కూర్చుని చీర అంచు ఎత్తి దోబూచులాడితే వ్యవధి పది నుంచి ఇరవై సెకన్లవుతుంది, కదిలేవాళ్ళు ఆరుగురి నుంచి ముగ్గురవుతారు. దీన్ని కనిపెట్టడానికి గడియారం అక్కర్లేదు. పిల్లలు ఏ మజిలీ ముందు గుమిగూడుతున్నారో అదే. ఆ పిల్లవాడిని తప్పించడం కాదు మందు, మజిలీని రెండు చేయాలి. ఐదడుగుల వెడల్పులో రెండేసి అడుగుల సొరంగాలు పక్కపక్కన రెండు పడతాయి.

వరస పెట్టడంలోనూ ఇదే సూత్రం. నిదానమైనది ముందు, చురుకైనది వెనక. గెంతులు ముందు పెట్టి సొరంగం వెనక పెడితే, ఊపుమీద వచ్చినవాడు పాకుతున్నవాడి కాళ్ళ మీద పడతాడు. సొరంగం ముందుంటే అది తలుపులా పనిచేసి ఒక్కొక్కరినే బయటికి వదులుతుంది.

ఏటవాలు కర్ర

అంగన్‌వాడీలో మూడేళ్ళవాళ్ళూ ఐదేళ్ళవాళ్ళూ ఒకే గదిలో ఉంటారు. ఒకే ఎత్తు పెడితే చిన్నవాళ్ళు తడబడతారు, పెద్దవాళ్ళు విసుక్కుంటారు. దీనికి పాత ఉపాయం ఒకటి ఉంది. వ్యాయామ విద్యావేత్త మస్కా మాస్టన్ 1960లలో ఏటవాలు తాడును ఉదాహరణగా తీసుకుని, ఒకే పనిలో అందరికీ చోటుండాలంటే ఎత్తును పిల్లలే ఎంచుకోవాలని చెప్పాడు. వసారాలో అది తేలిక. కర్ర ఒక కొసను బోర్లించిన చిన్న గిన్నె మీద నాలుగు అంగుళాల ఎత్తున, రెండో కొసను బోర్లించిన చెంబు మీద ఎనిమిది అంగుళాల ఎత్తున ఉంచాలి. గోడ వైపు దాటాలా గ్రిల్ వైపు దాటాలా అన్నది పిల్లవాడి ఇష్టం. కొన్నాళ్ళకు వాడే ఎత్తు వైపు జరుగుతాడు. జరగమని చెప్పనక్కర్లేదు.

ఎత్తు ఎంత పెంచినా వాడి మోకాలు దాటకూడదు. కర్రను కట్టకూడదు, కాలు తగిలితే దొర్లి పడిపోవాలి. కట్టిన తాడుకు కాలు తగిలితే పిల్లవాడు ముఖం నేలకు కొట్టుకుంటాడు. వసారాలో జరిగే దెబ్బల్లో తప్పించగలిగినది ఇదే, తప్పించకుండా వదిలేసేదీ ఇదే.

నడక చక్కగా సరిపడని పిల్లవాడుంటే గోడ వెంట రెండడుగుల మేర ఖాళీగా ఉంచి, ఆ గోడకు చెయ్యి రాసుకుంటూ కర్రల పక్కనుంచి వెళ్ళనివ్వాలి. వాడూ అదే చుట్టులో, అదే వరసలో ఉంటాడు.

ఏం చూడాలి

పిల్లవాడు బాట పూర్తి చేశాడా అన్నది కొలత కాదు. ఎలా చేశాడన్నది చూడాలి. గుండ్రాల్లో రెండు పాదాలూ ఒకేసారి లేచి ఒకేసారి దిగుతున్నాయా, ఒకదాని వెనక ఒకటా? దిగేటప్పుడు మోకాళ్ళు వంగుతున్నాయా, కర్రలా బిగుసుకున్నాయా? బిగుసుకుంటే గుండ్రాల మధ్య దూరం ఎక్కువైందన్నమాట. తొమ్మిది అంగుళాలకు తగ్గిస్తే కాళ్ళు వాటంతటవే వంగుతాయి. తాడు మీద నడిచేటప్పుడు చూపు పాదాల మీదే ఉంటే ఎదుటి గోడ మీద వాడి కంటి ఎత్తున ఒక బొమ్మ అంటించి, ‘పిట్ట ఏం చేస్తోందిరా?’ అని అడగడం చాలు.

ఒంటికాలి గెంతు నాలుగేళ్ళ తరవాతే కుదురుతుంది. మూడేళ్ళవాడు కుంటలేకపోతే అందులో లోపం లేదు. ఐదు దాటాక కూడా రెండు కాళ్ళూ కలిపి గెంతలేకపోవడం, ఒకే వైపు ఒరిగి పడటం, అంతకుముందు చేసిన పని ఇప్పుడు చేయలేకపోవడం కనబడితే మాత్రం ఆరోగ్య కేంద్రంలో చూపించాలి. ముఖ్యంగా వచ్చిన పని పోవడాన్ని బద్ధకం అని కొట్టిపారేయకూడదు.

పిల్లవాడు గోడకు చెయ్యి ఆనించడం మొదట్లో మంచిదే. నెల గడిచినా అదే ఆసరాతో గెంతుతుంటే గోడ వాడి తూకాన్ని తను మోస్తోందన్నమాట. అప్పుడు గుండ్రాలను వసారా నడుమకు జరపాలి, గోడకు చెయ్యి అందనంత దూరం.

వసారాలో కుదరనివి

ఈ చోటు బంతికి పనికిరాదు. పట్టడం, తన్నడం, విసరడం బాట మీద నేర్పలేం. ఉల్రిక్ పరీక్షలోని పన్నెండు నైపుణ్యాల్లో ఆరు వస్తువును అదుపు చేసేవే, వాటిలో వసారా పొడవున కుదిరేది కింది నుంచి బంతి దొర్లించడం ఒక్కటే. అదైనా ఎదురుగా ఎవరూ నడవనప్పుడు. గుండ్రంగా తిరిగే ఒప్పులకుప్ప, వెంటాడి పట్టుకునే ఆటలు కూడా ఇక్కడ పడవు. తొక్కుడుబిళ్ల బాగా పడుతుంది, దాని గడులు పొడవునే ఉంటాయి గనక. బిళ్లను వదిలేసి గడుల్లో గెంతించడం నాలుగేళ్ళవాళ్ళకు చాలు.

అందుచేత వసారా బాట వేసే కేంద్రానికి వారంలో ఒకటి రెండు రోజులు వేరే జాగా కూడా చూసుకోవాలి. లంక ఊళ్ళలో అది ప్రాథమిక పాఠశాల ఆవరణో, గుడి ముందు మెరకో అవుతుంది. పట్నంలో వీధి చివరి పార్కు. ఆ రోజు బాట సామగ్రి ఏదీ తీసుకెళ్ళనక్కర్లేదు. రెండు పెద్ద బంతులు, గీత గీయడానికి గుప్పెడు ముగ్గుపిండి ఉంటే చాలు. పరుగుకు 60 అడుగులు కొలిచి, చివరి పదడుగుల దగ్గర ఆ ముగ్గు గీయాలి. గీత దాటాక ఆగమని చెప్పాలి, గీత మీద ఆగమని కాదు. గీత మీద ఆగమంటే పిల్లలు దానికి చాలా ముందే వేగం తగ్గించేస్తారు.